మంచం కింద పిల్లి

మంగళవారం, రాత్రి

చిన్నోడు ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల స్పోకెన్ ఇంగ్లిష్ పరీక్ష రాయబోతున్నాడని అందరికీ చెబుతున్నాను కానీ, అందులో రాసేదేమీ ఉండదు. మొత్తం 12 గ్రేడ్లలో వాడిది రెండోది. గదిలో ఎగ్జామినరూ వాడూ ఇద్దరే, 6 నిమిషాల మాటలు. ఇల్లు, గదులు, వస్తువులు, ఇంట్లోవాళ్లు, పెంపుడు జంతువుల గురించి మాట్లాడాలి, ఏది ఎక్కడుందో చెప్పాలి.

పోయిన వారం దాకా 'మై హౌస్' అని పది వాక్యాలు బట్టీ పట్టించాను. ఒకరోజు మధ్యలో ఆపి "వేర్ ఈజ్ యువర్ బ్యాగ్?" అన్నాను. పైకప్పు వైపు చూస్తూ మళ్లీ "మై హౌస్ హాజ్ త్రీ రూమ్స్" అని మొదలుపెట్టాడు. బ్యాగు వాడి కాళ్ల దగ్గరే ఉంది. ఆ రోజే ఆ కాగితం తీసేసి కథలోకి దిగాను. తల్లిపిల్లి తప్పిపోయిన కూన కోసం ఇల్లంతా వెతుకుతుంది. నేను తల్లిపిల్లిని. గుడ్డతో చేసిన కూనను దాచేది వాడు.

ఇవాళ అన్నాలయ్యాక పది నిమిషాలు ఆడాం. "ఈజ్ ఇట్ ఇన్ ద కిచెన్?" అంటే "నో, ఇట్ ఈజంట్" అని నవ్వాడు. మరెక్కడుందని అడిగితే "అండర్ బెడ్ క్యాట్ ఈజ్ దేర్" అన్నాడు. వాడి తప్పు నాకు బాగా అర్థమైంది. 'మంచం కింద పిల్లి ఉంది' అన్న మన వాక్యాన్నే మాటకు మాట పెట్టాడు, చివరి 'ఉంది'తో సహా. ఇంగ్లిష్‌లో ఆ 'ఉంది' ముందే రావాలి. ఇదివరకు ఇలాంటిచోట "తప్పు" అనేదాన్ని. వెంటనే నోరు మూసుకుని నా మొహం చూసేవాడు. ఇవాళ తల్లిపిల్లి గొంతుతోనే "ఓ! దేర్ ఈజ్ ఎ కిట్టెన్ అండర్ ద బెడ్!" అని పరిగెత్తాను. కూన కుర్చీ పక్కకు మారింది, తర్వాత రెండు దిండ్ల మధ్యకు వెళ్లింది. మూడోసారి వాడే "దేర్ ఈజ్ ఎ కిట్టెన్ బిట్వీన్ ద పిల్లోస్" అన్నాడు. రేపు మళ్లీ పాతదే అంటాడేమో, అన్నా పరవాలేదు.

నా బెంగంతా ఇంకోదాని మీద. ఈ గ్రేడ్‌లో పిల్లలు చిన్న చిన్న ప్రశ్నలు అడగడం కూడా రావాలి. జవాబు చెప్పడమే తప్ప పెద్దవాళ్లను ప్రశ్న అడిగే అలవాటు మనం ఎక్కడ చేశాం? అందుకే పొద్దున స్కూల్ ఆటో వచ్చేలోపు నేను మూడు అడిగితే వాడు ఒకటి అడగాలని పెట్టుకున్నాం. నాలుగు రోజులుగా ఆ ఒక్కటీ రాలేదు, ఆటో వచ్చేసేది.

ఇందాక పడుకోబోతూ వాళ్ల తాతయ్య మంచం దగ్గర ఆగి "తాతయ్యా, హౌ మెనీ బ్రదర్స్ హావ్ యూ గాట్?" అన్నాడు. ఆయన కళ్లజోడు తీసి, వేళ్లు మడిచి లెక్కపెట్టి, "ఫోర్" అన్నారు.