వెచ్చని రాత్రుల్లో వరి గింజ ఎందుకు తేలికైంది: కుండీల్లో నా కొలతలు

బెంగళూరులో వ్యవసాయ పీజీ చదువుతూ వరి మీద ప్రయోగం పెడతానంటే మా నెల్లూరు బంధువులు నవ్వారు. నిజానికి నా అంశానికి ఇది అనువైన ఊరు. దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉండటం వల్ల ఇక్కడ అక్టోబరు రాత్రులు 19, 20 డిగ్రీల దగ్గరే ఉంటాయి. చల్లని రాత్రి ఉచితంగా దొరుకుతుంది, వెచ్చని రాత్రిని నేను తయారుచేసుకుంటే చాలు.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలను 2004లో ప్రచురించారు. 1979 నుంచి 2003 వరకు అక్కడ పగటి గరిష్ఠం 0.35 డిగ్రీలు పెరిగితే, రాత్రి కనిష్ఠం 1.13 డిగ్రీలు పెరిగింది. వేసవి పంటలో కనిష్ఠం ఒక్క డిగ్రీ పెరిగినప్పుడల్లా దిగుబడి దాదాపు 10 శాతం పడిపోయింది. దీనికి అందరూ మొదట చెప్పే కారణం శ్వాసక్రియ. కిరణజన్య సంయోగక్రియకు వెలుగు కావాలి, శ్వాసక్రియకు అక్కర్లేదు. అంటే రాత్రంతా మొక్కకు రాబడి లేని ఖర్చే. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు సుమారు రెట్టింపవుతుందని లెక్క. 5 డిగ్రీలకైతే 40 శాతం పెరగాలి.

పూత ముగిశాకే వేడి పెట్టాను. పూత సమయంలోనే పెడితే పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు పెరుగుతాయి. అప్పుడు గింజ పట్టలేదా, పట్టి నిండలేదా అన్నది తేలదు. బల్బులతో వేడి చేయడం కుదరదు, ఎందుకంటే రాత్రి వెలుగు కూడా మొక్కను మారుస్తుంది. వెలుగు రాని విద్యుత్ హీటరు పెట్టి, గాలి పొడిబారకుండా నీళ్ల పళ్లేలు ఉంచి, ఒక గుడారాన్ని 25 డిగ్రీల దగ్గర నిలిపాను. పక్క గుడారంలో హీటరు తప్ప మిగతావన్నీ అవే.

శ్వాసను కొలవడం అసలు తలనొప్పి. కుండీ మీద 60 లీటర్ల పెట్టె బోర్లించి, లోపల కార్బన్ డయాక్సైడ్ ఎంత వేగంగా పెరుగుతోందో చూడాలి. పరికరం దగ్గర మనిషి నిలబడితే అతని ఊపిరే అంకెను ఎగదోస్తుంది. మట్టిలోని సూక్ష్మజీవులు కూడా ఈ వాయువును వదులుతాయి కాబట్టి మొక్క లేని కుండీని విడిగా కొలిచి తీసివేయాలి. సాయంత్రం ఆకుల్లో చక్కెర దండిగా ఉంటుంది, శ్వాస ఎక్కువ. తెల్లవారుజాముకు తగ్గుతుంది. అందుకే రెండు గుడారాలనూ అవే వేళల్లో కొలిచాను.

చల్లని గుడారంలో ఒక దుబ్బుకు 5 నిమిషాల్లో పెట్టెలోని కార్బన్ డయాక్సైడ్ 40 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల భాగాలకు 40 భాగాలు పెరిగింది. మన ఎత్తులో గాలి పలుచన, పైగా ఇక్కడ సున్నా డిగ్రీల చలి లేదు. ఒక మోల్ వాయువు 22.4 కాదు, దాదాపు 27 లీటర్లు ఆక్రమిస్తుంది. అలా లెక్కేస్తే 12 గంటల రాత్రికి 0.57 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, అంటే 0.39 గ్రాముల చక్కెర. వెచ్చని గుడారంలో తొలి రాత్రులు 35 శాతం ఎక్కువ ఖర్చయింది. తర్వాత మొక్క కొంత అలవాటుపడి తేడా 25 శాతానికి దిగింది. గింజ నిండే కాలమంతటికీ కలిపితే దుబ్బుకు సుమారు రెండున్నర గ్రాముల చక్కెర అదనంగా కాలిపోయింది. కోత తర్వాత చూస్తే వెయ్యి గింజల బరువు 21.6 నుంచి 19.9 గ్రాములకు తగ్గింది, 8 శాతం. దుబ్బుకు 22 గ్రాముల ధాన్యం అనుకుంటే అది సుమారు 1.8 గ్రాముల లోటు. చక్కెర పిండిగా మారేటప్పుడు కొంత బరువు పోతుంది కాబట్టి రెండు లెక్కలూ దాదాపు సరిపోయాయి.

మా గైడ్ మేడం మాత్రం సంతోషించలేదు. "చక్కెర చాలకపోవడమే కారణమైతే గింజ మొదటి నుంచే వెనకబడాలి కదమ్మా. నువ్వు మధ్యలో తూచిన అంకెలు ఏమంటున్నాయి?" అన్నారు.

దారం కట్టి గుర్తుపెట్టిన వెన్నుల నుంచి గింజలు తీసి, ఆరబెట్టి తూచిన వివరాలు నా పుస్తకంలోనే ఉన్నాయి. పూత తర్వాత పదో రోజుకు వెచ్చని గుడారం గింజలే బరువుగా ఉన్నాయి! పాలు పోసుకోవడం అక్కడే ముందు మొదలైంది. కానీ 22వ రోజుకల్లా వాటి బరువు ఆగిపోయింది. చల్లని గుడారంలో 27వ రోజు దాకా పెరుగుతూనే ఉంది. వేడికి గింజ నిండే వేగం కొంత పెరిగినా, కాలం అంతకంటే ఎక్కువ కుదించుకుపోయింది. శ్వాస ఖర్చు నిజమే, కానీ ఆ ఒక్కదానితో బరువుల గీతలో ఈ వంపు రాదు. గింజ తలుపు ముందే మూసుకుంటోంది. రెండు లెక్కలు సరిపోవడాన్ని రుజువుగా రాయొద్దని మేడం అన్నది అందుకే.

తర్వాత వెన్ను పైభాగపు గింజలను, కింది కొమ్మల గింజలను వేరుగా తూచాను. పైవి ముందు పూస్తాయి, ముందు నిండుతాయి, వాటి బరువు పెద్దగా తగ్గలేదు. నష్టంలో ఎక్కువ భాగం ఆలస్యంగా పూసిన కింది గింజలదే. వాటి పొట్టు తీసి చూస్తే చాలావాటి మధ్యలో సుద్దలాంటి తెల్లమచ్చ ఉంది. పిండి రేణువులు వదులుగా పేరుకున్న చోటది, మరలో బియ్యం విరిగేది ఎక్కువగా అక్కడే.