యూనిట్ 13: ఎలైసా, ఫ్లో సైటోమెట్రీలను ఒకే రక్తం శాంపిల్‌తో చదవండి

రిజల్ట్ వచ్చాక జూనియర్లు ఎక్కువగా అడుగుతున్నది సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ యూనిట్ 13 గురించే. అందులో ఎలైసా, ఫ్లో సైటోమెట్రీల వరకే ఇక్కడ రాస్తున్నాను. డైరెక్ట్, ఇండైరెక్ట్, శాండ్‌విచ్, కాంపిటీటివ్ అని నాలుగు బొమ్మలు గీసుకుని వదిలేస్తే పార్ట్ బీలో ఒక ప్రశ్న గట్టెక్కుతుందేమో. పార్ట్ సీలో మాత్రం డేటా ఇచ్చి, ఎక్కడ తేడా కొట్టిందో చెప్పమంటారు. అందుకే రెండు పద్ధతులనూ ఒకే కేసుకి కట్టి చదవడం మేలు. హెచ్‌ఐవీ అనుమానంతో వచ్చిన ఒక వ్యక్తి రక్తం తీసుకుందాం. సీరంలో యాంటీబాడీ ఉందా అన్నది ఎలైసా చెబుతుంది. సీడీ4 టీ కణాలు ఎన్ని మిగిలాయన్నది ఫ్లో సైటోమెట్రీ చెబుతుంది.

ముందు ఇండైరెక్ట్ ఎలైసా. యాంటిజెన్‌ని పీహెచ్ 9.6 కార్బొనేట్ బఫర్‌లో కలిపి, వెల్‌కి 100 మైక్రోలీటర్ల చొప్పున వేసి, రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ప్లాస్టిక్ మీద ఖాళీగా మిగిలిన చోటుని బీఎస్‌ఏతో బ్లాక్ చేస్తారు. తర్వాత పలచన చేసిన సీరం, ఆపైన హెచ్‌ఆర్‌పీ తగిలించిన యాంటీ హ్యూమన్ ఐజీజీ. ప్రతి దశ తర్వాతా 0.05 శాతం ట్వీన్-20 ఉన్న పీబీఎస్‌తో కడుగుతారు. చివరికి టీఎంబీ వేస్తే నీలం వస్తుంది, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఆపితే పసుపు అవుతుంది, 450 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీస్తారు. ఈ వరస అందరికీ వచ్చు. ప్రశ్న వచ్చేది కంట్రోల్స్ మీద.

సీరం వేయకుండా మిగతావన్నీ వేసిన వెల్‌ని బ్లాంక్ అనుకుందాం. బ్లాంక్‌లోనే రంగు బాగా వచ్చిందంటే సీరం తప్పు కాదు, అక్కడ సీరమే లేదు. కాంజుగేట్ నేరుగా ప్లాస్టిక్‌కి అంటుకుంది. బ్లాకింగ్ చాలలేదు, లేదా కడగడం సరిగా జరగలేదు. బ్లాంక్ శుభ్రంగా ఉండి నెగెటివ్ సీరం వెల్‌లో మాత్రం రంగు వస్తే ఆలోచన మారాలి: ఆ సీరంలోని యాంటీబాడీలు యాంటిజెన్ ప్రిపరేషన్‌లోని మలినాలకి అంటుకుని ఉండవచ్చు, పక్క వెల్ నుంచి చుక్క పడి ఉండవచ్చు. ఇక పాజిటివ్ కంట్రోల్‌లో కూడా రంగు రాకపోతే ఎంజైమ్‌ని అనుమానించాలి. బఫర్ పాడవకుండా కలిపే సోడియం అజైడ్ హెచ్‌ఆర్‌పీని ఆపేస్తుంది. ఆప్షన్లలో అజైడ్ కనిపిస్తే, ఎంజైమ్ హెచ్‌ఆర్‌పీయేనా అని ఒకసారి చూసి అప్పుడే టిక్ పెట్టండి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అయితే ఇబ్బంది ఫాస్ఫేట్ బఫర్ నుంచి వస్తుంది.

రీడింగ్ ఎక్కువ కాబట్టి యాంటీబాడీ ఎక్కువ అనేది ఇంకో వల. 1:100 దగ్గర రెండు సీరంలూ 2.9 చూపిస్తే రెండూ సమానమని కాదు, సిగ్నల్ నిండిపోయిందని అర్థం. రెండింతల చొప్పున పలచన చేస్తూ పోండి. కటాఫ్ 0.2 అనుకుంటే, ఒక సీరం 1:1600 దగ్గర 0.31, 1:3200 దగ్గర 0.14 చూపింది. దాని టైటర్ 1600. రెండోది 1:12800 దాకా కటాఫ్ పైనే నిలబడితే టైటర్‌లో అది ఎనిమిది రెట్లు. అది కూడా కచ్చితంగా ఎనిమిది రెట్ల యాంటీబాడీ అని రాయకండి. తక్కువ పరిమాణంలో ఉన్నా గట్టిగా పట్టుకునే యాంటీబాడీ కూడా టైటర్‌ని పైకి లాగుతుంది. వెల్ ఇచ్చేది ఒక్క అంకె, అందులో పరిమాణమూ పట్టూ కలిసిపోయి ఉంటాయి.

ఇదే కేసులో తల్లి పాజిటివ్, బిడ్డకి మూడు నెలలు అనుకోండి. బిడ్డ సీరం ఎలైసాలో పాజిటివ్ వస్తుంది, అయినా బిడ్డకి ఇన్‌ఫెక్షన్ ఉందని చెప్పలేం. మావి దాటి వచ్చిన తల్లి ఐజీజీ 18 నెలల వరకూ కనిపించవచ్చు. ఇక్కడ వైరస్ న్యూక్లిక్ ఆమ్లాన్నే వెతకాలి.

ఇప్పుడు అదే వ్యక్తి నుంచి ఈడీటీఏ ట్యూబులో తీసిన రక్తం. సీరం ఇక్కడ పనికిరాదు, గడ్డలో కణాలు చిక్కుకుపోతాయి. 50 మైక్రోలీటర్ల రక్తానికి ఫ్లోరోక్రోమ్ తగిలించిన సీడీ45, సీడీ3, సీడీ4 యాంటీబాడీలు కలిపి చీకట్లో 15 నిమిషాలు ఉంచుతారు. ఎర్ర కణాలు పగిలేలా లైసింగ్ ద్రావణం వేస్తారు. షీత్ ద్రవం మధ్యలో కణాలు ఒకదాని వెనక ఒకటి లేజర్ ముందు నుంచి వెళతాయి. ముందుకు చెదిరే కాంతి సుమారుగా పరిమాణాన్ని, పక్కకి చెదిరేది లోపలి గ్రాన్యూల్స్‌ని చెబుతుంది. ప్రతి కణానికీ విడిగా ఒక వరస అంకెలు వస్తాయి. ఎలైసాకీ దీనికీ అసలు తేడా ఇదే.

గేటింగ్‌లో ముందుగా సీడీ45 బాగా వెలిగి సైడ్ స్కాటర్ తక్కువున్న గుంపుని లింఫోసైట్లుగా పట్టుకుంటారు. ఒక్క సీడీ4 చూస్తే చాలదా, సీడీ3 ఎందుకు? మోనోసైట్ల మీద కూడా సీడీ4 కొద్దిగా ఉంటుంది. సీడీ3 లేకపోతే వాటిలో కొన్ని మన లెక్కలోకి జొరబడతాయి.

రంగుల చిక్కు కూడా చూడాలి. సీడీ3కి ఎఫ్‌ఐటీసీ, సీడీ4కి పీఈ వాడామనుకుందాం. ఎఫ్‌ఐటీసీ కాంతి కొంత పీఈ డిటెక్టర్‌లోకి ఒలుకుతుంది. ఎఫ్‌ఐటీసీ ఒక్కటే వేసిన ట్యూబులో వెలిగే కణాల మీడియన్ ఎఫ్‌ఐటీసీ చానల్‌లో 10,100, పీఈ చానల్‌లో 1,600 ఉంది, వెలగని కణాలకి రెండింటిలోనూ 100 ఉంది. ఒలికినది 1,500, దాన్ని 10,000తో భాగిస్తే 15 శాతం. కాంపెన్సేషన్‌లో ఆ 15 శాతం తీసేయకపోతే, సీడీ3 ఉండి సీడీ4 లేని సీడీ8 కణాలు కూడా పీఈ వైపు జరిగి, సీడీ4 లెక్క ఉన్నదానికంటే పెరిగి కనిపిస్తుంది. గీత ఎక్కడ గీయాలో తేల్చడానికి పీఈ ఒక్కటి వదిలి మిగతా రంగులన్నీ వేసిన ట్యూబు, అంటే ఎఫ్‌ఎంఓ కంట్రోల్ కావాలి. ఐసోటైప్ కంట్రోల్ ఆ పని చేయదు, ఎందుకంటే ఈ ఒలుకు అందులో కనిపించదు.

లెక్క కూడా చేసి చూడండి. ట్యూబులో ముందే లెక్కపెట్టి వేసిన 50,000 బీడ్స్ ఉన్నాయి. మెషీన్ 5,000 బీడ్స్, 1,400 సీడీ3 సీడీ4 కణాలు చూసింది. 1,400ని 5,000తో భాగించి, 50,000తో గుణించి, 50 మైక్రోలీటర్లతో భాగిస్తే మైక్రోలీటరుకి 280 కణాలు. 200 కంటే తక్కువైతే డబ్ల్యూహెచ్ఓ దాన్ని ముదిరిన హెచ్‌ఐవీ వ్యాధి అంటుంది. ఈ పద్ధతిలో కడగడం ఉండదు, కడిగితే కణాలు, బీడ్స్ వేర్వేరు పాళ్లలో పోతాయి. పైపెట్ 50కి బదులు 45 తీస్తే 280 కాస్తా 252 అవుతుంది, ప్లాట్ మీద మాత్రం ఏ తేడా కనిపించదు. గుంపులు అందంగా విడిపోయాయని అంకెని నమ్మేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఒక స్టేట్‌మెంట్ ఇలా రావచ్చు: చికిత్స పనిచేస్తోందో లేదో ఎలైసా ఓడీ తగ్గడంతో తెలుస్తుంది. తప్పు. మందులతో వైరస్ అణిగినా యాంటీబాడీ మామూలుగా అలాగే ఉంటుంది. సీడీ4 పెరుగుతుంది, వైరల్ లోడ్ పడిపోతుంది. తిరగేసి అడిగినా తప్పే, సీడీ4 తగ్గిందని హెచ్‌ఐవీ అని రాయలేం, వేరే జబ్బుల్లో కూడా అది తగ్గుతుంది. ఐదేళ్లలోపు పిల్లల్లో మైక్రోలీటరు లెక్క వయసుతో బాగా మారుతుంది కాబట్టి శాతం చూస్తారు. మన ట్యూబులో 7,000 లింఫోసైట్లు ఉంటే 1,400 అంటే 20 శాతం. దీనికి బీడ్స్‌తో పనిలేదు, పైపెట్ 45 తీసినా ఈ అంకె కదలదు.