క్యూబిక్ స్ప్లైన్: తేడా అంతా చివర్లలోనే

ఇచ్చిన బిందువుల గుండా మూడో డిగ్రీ బహుపదుల ముక్కలతో నున్నగా సాగే వక్రం క్యూబిక్ స్ప్లైన్. దాన్ని సొంతంగా కోడ్ చేద్దామని ముందు కాగితం మీద లెక్క వేశాను. ముక్కకు నాలుగు గుణకాల చొప్పున పది ముక్కలకు నలభై తెలియని రాశులు! నిజానికి అన్ని అక్కర్లేదు. ఒక్కో బిందువు దగ్గర రెండో డెరివేటివ్‌ను M అనుకుంటే చాలు. ముక్క లోపల అది సరళరేఖే కాబట్టి, రెండు కొసల్లోని y, M విలువలు తెలిస్తే ముక్క మొత్తం తేలిపోతుంది. ఇక మిగిలింది, లోపలి ప్రతి బిందువు దగ్గర ఎడమ ముక్క వాలూ కుడి ముక్క వాలూ ఒకటి కావడం. ఆ షరతులోకి వచ్చేది ఆ బిందువు M, అటూ ఇటూ ఉన్న పొరుగు M లు, అంతే. బిందువుల మధ్య దూరం h అంతటా సమానమైతే:

```
M[i-1] + 4*M[i] + M[i+1] = 6*(y[i-1] - 2*y[i] + y[i+1])/h^2
```

అందుకే మాట్రిక్స్‌లో మూడు వికర్ణాలు తప్ప మిగతావన్నీ సున్నాలు. పక్కనున్న రెండు 1ల కంటే మధ్యలోని 4 బరువెక్కువ. కాబట్టి వరుసలు మార్చే పని లేకుండా, పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి వెళ్తే M లన్నీ వచ్చేస్తాయి.

రెండు చివర్లలో M = 0 అని పెట్టి (నేచురల్ స్ప్లైన్) 0 నుంచి π దాకా sin x మీద నడిపాను. h = π/4కి గరిష్ఠ తప్పు 0.0011 దగ్గర, దాన్ని సగం చేస్తే 0.00006. పుస్తకాల్లో చెప్పే h⁴ ఇదే: దూరం సగమైతే తప్పు పదహారో వంతు.

తర్వాత 0 నుంచి 1 దాకా eˣ తీసుకున్నాను. చివరి ముక్క మధ్యలో తప్పు h = 0.5కి 0.027, h = 0.25కి 0.0076. నాలుగో వంతు కూడా కాలేదు! కోడ్‌లో బగ్ లేదు. sin x రెండో డెరివేటివ్ 0, π దగ్గర నిజంగానే సున్నా. eˣకి x = 1 దగ్గర అది 2.718, మనం సున్నా అని బలవంతం చేస్తున్నాం. అందుకే చివర్లలో తప్పు h² లాగే తగ్గుతుంది.

అయితే ఆ తప్పు లోపలికి పెద్దగా పాకదు. r² + 4r + 1 = 0కి చిన్న మూలం −0.268. అంటే చివర పుట్టిన తప్పు ఒక్కో బిందువు దాటేసరికి గుర్తు మార్చుకుని, దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. h = 0.25కి పక్క ముక్క మధ్యలో చూస్తే −0.0019 ఉంది.

చివరి వాలు తెలిస్తే M = 0 తీసేసి, ఎడమ కొసకి 2M₀ + M₁ = (6/h)((y₁ − y₀)/h − f′(x₀)) అని రాయొచ్చు, కుడి కొసకీ అలాంటిదే. మూడు వికర్ణాలు చెదరవు. అదే h = 0.25తో ఆ 0.0076 కాస్తా 0.00003కి దిగింది. వాలు తెలియని డేటాకి నేను నాట్-ఎ-నాట్ షరతే వాడతాను, అంటే ఒక్కో చివర ఉన్న రెండు ముక్కలూ ఒకే బహుపది కావాలని. SciPyలో `CubicSpline` డిఫాల్ట్ కూడా అదే. `bc_type='natural'` పెట్టేది మాత్రం చివర్లలో వంపు నిజంగా సున్నా అని తెలిసినప్పుడే.