ఒకే గిన్నెలో అన్నీ వేయకూడదు

"అన్నీ కలిపి వేడి సబ్బునీళ్ళలో వేసెయ్యి, తెల్లారేసరికి తళతళలాడతాయి" అంటూ వదిన తన నగల పెట్టెను నా చేతిలో పెట్టి వెళ్ళింది. సాయంత్రం నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. వదిన సంగతి మీకు తెలియనిది కాదు. చెప్పిన మాటకు ఎదురు చెబితే వినదు, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పెట్టెలో ఉన్నవి ఒక రవ్వల ఉంగరం, ఎర్రరాళ్ళ పతకం, నీలిరంగు టర్కాయిస్ రాళ్ళు పొదిగిన వెండి కడియం. ఈ మూడింటినీ ఒకే నీళ్ళలో వేయమనడమంటే మూడింటిలో రెండింటిని పాడుచేయమనడమే.

పతకాన్ని వెనక్కి తిప్పి చూస్తే చాలు, విషయం తెలిసిపోతుంది. రాళ్ళ వెనుక ఎక్కడా రంధ్రం లేదు, అంతా నున్నని బంగారు రేకు. ఇలా వెనుక మూసిన నగలో రాయి కింద గూడు ఉంటుంది, ఆ గూటిలో చాలావాటికి లక్క నింపి, రాయికి ఆనుకునేలా మెరిసే పల్చని లోహపు రేకును పరుస్తారు. పైనుంచి మనకు కనిపించే కాంతిలో చాలా భాగం రాయిలోంచి వెళ్ళి, ఆ రేకుకు తగిలి తిరిగి వచ్చినదే. రాయి అంచుకూ బంగారానికీ మధ్య సందు వెంట్రుకంత ఉన్నా సరే, నీరు తనంతట తానే లోపలికి పాకుతుంది, కానీ అదే దారిన తిరిగి రావడానికి మొరాయిస్తుంది. లోపల నిలిచిన తడికి రేకు నల్లబడుతుంది. వేడినీళ్ళయితే లక్క కూడా మెత్తబడి రాయి కదులుతుంది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అమ్మమ్మ పతకం. ఒక పెళ్ళికి ముందు పిన్ని దానిని రాత్రంతా సబ్బునీళ్ళలో నానబెట్టింది. పొద్దున తీసి తుడిస్తే బంగారం నిజంగానే మెరిసిపోయింది, అందరూ పిన్నిని మెచ్చుకున్నారు కూడా. కొన్నాళ్ళకు నడిమి రాయి ఒక పక్కనుంచి మసకబారడం మొదలైంది. అమ్మమ్మ దానిని మెత్తని గుడ్డతో రోజూ తుడిచేది, మురికి పైన ఉందనుకుని. తుడిచినకొద్దీ పైభాగం నిగనిగలాడేది గానీ లోపలి మచ్చ మాత్రం అంచు నుంచి మధ్యకు పాకుతూనే ఉండేది. చివరకు కంసాలి ఆ రాయిని విప్పి చూపించినప్పుడు రాయి చెక్కుచెదరకుండా ఉంది. దాని కిందనున్న రేకు మాత్రం సగానికి పైగా నల్లని మచ్చలు పడి, వేలు తగిలితే పొడిపొడిగా రాలింది. ఆయన కొత్త రేకు వేసి మళ్ళీ పొదిగారు, కానీ పక్కనున్న పాత రాళ్ళ రంగుకు అది కలవలేదు. అమ్మమ్మ ఆ తరువాత ఆ పతకాన్ని పెద్దగా పెట్టుకోలేదు. ఎవరినీ ఏమీ అనలేదు, అదే పిన్నికి ఎక్కువ బాధ.

అందువల్ల వదిన పతకానికి నీటి గిన్నె అవసరమే లేదు. దూదిపుల్లను నీళ్ళలో ముంచి, ఇక చుక్క రాలనంతగా పిండి, రాయి పైభాగాన్నీ బంగారపు అంచునూ నెమ్మదిగా తుడవాలి. ఆ సమయంలో రాళ్ళు నేలవైపు ఉండేలా పట్టుకుంటే పొరపాటున చుక్క నిలిచినా సందులోకి దిగకుండా కిందికే జారుతుంది. వెంటనే పొడి గుడ్డతో అద్ది, పెట్టెలో పెట్టే ముందు కాసేపు గాలికి ఉంచాలి. ఇంతటితో నల్లని మురికంతా పోదు, ఆ మాట నిజమే. పోని మురికి అక్కడే ఉండనివ్వడం మేలు.

వదిన మరో సలహా కూడా ఇచ్చింది, అదీ నాకు మింగుడుపడలేదు: కడియాన్ని టూత్‌పేస్టుతో రుద్దమని. పళ్ళను తోమడానికి అందులో కలిపే సన్నని గరుకు రేణువులు వెండికన్నా, బంగారంకన్నా గట్టివి. రుద్దగానే వచ్చే మెరుపు కొత్త మెరుపేమీ కాదు, లోహం పైపొర గీకినందువల్ల వచ్చినది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే సన్నని గీతల మసక కనిపిస్తుంది. బంగారు పూత వేసిన వస్తువైతే, పూత ఉండేదే అతి పల్చగా కనుక, కొన్నిసార్లు రుద్దేసరికి అంచుల దగ్గర కింది లోహం బయటపడుతుంది. పైగా ఎండిన పేస్టు తెల్లగా రాళ్ళ సందుల్లో చేరి సూదికి కూడా రాదు.

అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ళతో వెండిని తెల్లబరిచే పద్ధతి కూడా ఇలాంటి మాయే అని రాయబోయి ఆగిపోయాను. అలా అనడం అన్యాయం. వెండి మీది నలుపు గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడిన పొర. వెండి వస్తువును అల్యూమినియం రేకుకు తగిలేలా వేడి సోడానీళ్ళలో ఉంచితే ఆ గంధకం వెండిని విడిచిపోతుంది, పొరలోని వెండి తిరిగి వెండిగానే మిగులుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే పని జరుగుతున్నట్టే. రుద్ది తీస్తే ఆ పొరలోని వెండి గుడ్డకు అంటుకుని పోతుంది, ఇక్కడ ఆ నష్టం తక్కువ. రాళ్ళు లేని సాదా గొలుసుకు ఇది నిజంగా మంచి పద్ధతి, ఇన్నాళ్ళూ నేను దానిని అనవసరంగా తిట్టాను.

అయినా ఈ కడియానికి మాత్రం అది పనికిరాదు. టర్కాయిస్ రాయి సూక్ష్మ రంధ్రాలున్నది, వేడి సోడానీటిని పీల్చుకుని రంగు మారవచ్చు. జిగురుతో అతికించిన రాయైతే ఊడవచ్చు. దానికి మించి, తీగల నకాషీ లోతుల్లో ఉన్న నలుపు మురికి కాదు, పని కనిపించాలని చేసినవాడే కావాలని ఉంచినది. ఆ నీళ్ళకు ఏ నలుపును తీయాలో తెలియదు, అన్నింటినీ తీసేస్తుంది, నకాషీ చప్పగా తెల్లబడిపోతుంది. కనుక వెండి తుడిచే మెత్తని గుడ్డను వేలికి చుట్టుకుని, రాళ్ళకు తగలకుండా, ఎత్తుగా ఉన్న భాగాలను మాత్రమే తుడిచాను. లోతులు నల్లగానే ఉన్నాయి, పైభాగం తేరుకుంది.

మిగిలింది ఉంగరం, వదిన చెప్పిన గిన్నె సరిపోయేది దీనికొక్కదానికే. రవ్వకు జిడ్డు ఇట్టే అంటుకుంటుంది, రోజూ రాసుకునే క్రీమంతా రాయి వెనుక చేరుతుంది. పైనుంచి లోపలికి వెళ్ళిన కాంతి వెనుక పలకల నుంచి తిరిగి రావాలంటే ఆ పలకల వెనుక గాలి ఉండాలి. జిడ్డు ఉంటే కాంతిలో కొంత అటే జారిపోతుంది. అందుకే పైన ఎంత తుడిచినా ఫలితం ఉండదు, వెనుకనుంచి శుభ్రం చేయాలి. గోరువెచ్చని నీళ్ళలో పాత్రలు కడిగే ద్రవ సబ్బు రెండు చుక్కలు, ఇరవై నిమిషాల నానుడు, పసిపిల్లల మెత్తని బ్రష్షు, మరో గిన్నెలో మంచినీళ్ళు, అంతే. కుళాయి కింద మాత్రం కడగకూడదు, రాయి ఊడితే తూములోకే పోతుంది.

నీళ్ళలో వేసే ముందు దూదిని రాళ్ళ మీదుగా ఆడించి చూశాను. ఒక రాయిని పట్టి ఉంచే గోరుకు దూది పోగు చిక్కుకున్నది. చెవి దగ్గర పెట్టి వేలితో తట్టితే సన్నగా గలగలమన్నది. అంటే రాయి వదులైంది, ఇన్నాళ్ళూ దానిని కదలకుండా ఉంచినది బహుశా ఆ జిడ్డే. గోరు బిగించేదాకా ఉంగరం కడగను, చిన్న జిప్ సంచిలో వేసి వదినకు ఇచ్చేస్తాను. కడగకుండానే ఇచ్చావేమని అడుగుతుంది, ఆ వాదన రేపటిది.