−6 − (−2) కి మార్కు పడింది, సరే

బుధవారం

పొద్దున మొదటి పీరియడ్ ఖాళీ. ఏడో తరగతి బి సెక్షన్ స్లిప్ టెస్ట్ పేపర్లు స్టాఫ్ రూమ్ బల్ల మీద ఉన్నాయి. ఆ సెక్షన్‌కి లెక్కలు చెప్పే మాస్టారు మా స్కూలుకి కొత్త. పొదిలి నుంచి బైకు మీద వస్తారు. "పూర్ణ సంఖ్యల తీసివేత అయిపోయింది మేడం, పిల్లలకి బాగానే వచ్చింది" అన్నారు. పేపర్లు తిరగేశాను. నిజమే, చాలామందికి ఐదుకి నాలుగు, ఐదుకి ఐదు.

తర్వాత ప్రశ్నలు చూశాను. −6 − (−2), −9 − (−4), −7 − (−3). అన్నిట్లోనూ పెద్ద అంకె ముందు, చిన్న అంకె తర్వాత. ఇది ఎవరూ ఆలోచించి చేసేది కాదు. చిన్నప్పటి నుంచి తీసివేత అంటే పెద్దదాన్నుంచి చిన్నది తీయడమే కాబట్టి చెయ్యి అలాగే రాసేస్తుంది.

బి సెక్షన్ పిల్లాడొకడు హాజరు పట్టీ ఇవ్వడానికి వస్తే ఆపి, "−6 − (−2) ఎట్టా చేశావురా?" అని అడిగాను. "ఆరులోంచి రెండు తీస్తే నాలుగు టీచర్. అన్నీ మైనస్సులే గదా, అందుకని మైనస్ పెట్టా." జవాబు −4. మార్కు పడింది. వాడు చెప్పిన పద్ధతికీ మైనస్ సంఖ్యల తీసివేతకీ సంబంధం లేదు, కానీ ఆ పేపరు మొత్తం ఆ పద్ధతితోనే గట్టెక్కొచ్చు.

మాస్టారితో అన్నాను, "ఇదే ప్రశ్న తిప్పి ఇవ్వండి, −2 − (−6). రెండూ ఒకే చీటీ మీద, పక్కపక్కన." ఆయనకి వెంటనే నచ్చలేదు. "తిప్పిందే ఇస్తే సరిపోదా మేడం, రెండెందుకు?" అన్నారు.

సరిపోదు. ఎందుకో కాగితం మీద వేసి చూపించాను. −2 − (−6) జవాబు 4. ఇందాకటి పిల్లాడు −4 రాసి దొరికిపోతాడు, బాగుంది. కానీ తరగతిలో ఇంకో రకం వాళ్లుంటారు. "ఆరులోంచి రెండు పోతే నాలుగు, మైనస్ మైనస్ ప్లస్ కాబట్టి ప్లస్ నాలుగు" అనేవాళ్లు. తిప్పిన ప్రశ్నకి వాళ్ల జవాబు 4. అంటే వీళ్లకి మార్కు పడుతుంది. మొదటి ప్రశ్న ఒక తప్పుని దాచిపెడితే రెండోది ఇంకో తప్పుని దాచిపెడుతుంది. రెండూ కలిపి ఇస్తేనే ఎవరెక్కడున్నారో తెలుస్తుంది. వచ్చినవాళ్లు −4, 4 రాస్తారు. మొదటి రకం −4, −4. రెండో రకం 4, 4. మైనస్ మైనస్ ప్లస్ అనుకుని అంకెల్ని కూడా కలిపేసేవాళ్లు 8, 8. బ్రాకెట్‌ని అసలు పట్టించుకోనివాళ్లు −8, −8. దిద్దేటప్పుడు రైటా తప్పా అని కాకుండా ఏ జత రాశారో చూస్తే చాలు, లోపల ఏం ఆలోచించారో చాలావరకు బయటపడుతుంది.

మూడో పీరియడ్‌లో చీటీలిచ్చారు. లంచ్‌లో ఇద్దరం కూర్చుని, జతల ప్రకారం కుప్పలు పోశాం. −4, −4 కుప్పే పెద్దది. మాస్టారు కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఐదుకి ఐదు వచ్చిన పేపర్లు కూడా ఇందులోనే ఉన్నాయి మేడం" అన్నారు.

మధ్యాహ్నం ఆ పీరియడ్ నన్నే తీసుకోమన్నారు. అప్పుతో మొదలుపెట్టాను. 628లో బ్రహ్మగుప్తుడు ఈ సూత్రాలు రాసింది కూడా అప్పు, సొమ్ము అంటూనే. మా పిల్లలకి అప్పు గురించి నేను చెప్పాల్సిన పని లేదు. "కొట్లో ఆరు రూపాయల అప్పుంది. కొట్టాయన రెండు రూపాయల అప్పు కొట్టేశాడు. ఇంకెంత?" "నాలుగు అప్పు టీచర్." −6 − (−2) అయిపోయింది. "మరి రెండు రూపాయలే అప్పుంది. ఆరు రూపాయల అప్పు తీసెయ్యాలి." కాసేపు చప్పుడు లేదు. ముందు బెంచీ అమ్మాయి లేచి, "రెండే ఉంటే ఆరెట్టా తీస్తారు టీచర్?" అంది.

ఆ ప్రశ్న రావాలనే ఎదురుచూశాను. అప్పు కథ ఇక్కడి దాకానే తీసుకొస్తుంది. చాలామంది ఇక్కడ కథ ఆపేసి "మైనస్ మైనస్ ప్లస్" అనే సూత్రం చేతిలో పెడతారు. పిల్లలు దాన్ని ఎక్కడపడితే అక్కడ వాడతారు, −3 − 5 చూసినా రెండు మైనస్సులున్నాయని 8 రాస్తారు.

చింతపిక్కలు, శనగలు తీశాం. చింతపిక్క ఒకటి −1, శనగ ఒకటి +1. ఒక పిక్క, ఒక శనగ పక్కపక్కన పెడితే సున్నా. −2 అంటే బల్ల మీద రెండు పిక్కలు. ఆరు పిక్కలు తీయాలి, నాలుగు తక్కువ. అందుకని నాలుగు జతలు తెచ్చి పెట్టాం, ఒక్కో జతలో ఒక పిక్క, ఒక శనగ. "ఇప్పుడు బల్ల మీద విలువ మారిందా?" అని అడిగాను. ఇక్కడ తొందరపడకూడదు. ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ లెక్కపెట్టి "ఇంకా −2నే" అనేదాకా ఆగాను. ఇప్పుడు ఆరు పిక్కలున్నాయి, ఆరూ తీసేశాం. మిగిలింది నాలుగు శనగలు. ఆ అమ్మాయి వాటిని వేలితో లెక్కపెట్టుకుని, "తీసేస్తే పెరిగింది!" అంది. రెండు శనగలు అప్పటికే ఎవరి నోట్లోకో వెళ్లాయి, అది వేరే సంగతి.

ఆమె మాటనే వెంటనే ప్రశ్నగా మార్చాను. "మొదట ఉన్న సంఖ్య కన్నా జవాబు పెద్దదయ్యేలా ఒక తీసివేత రాయండి." దీనికి సూత్రం బట్టీపట్టి లాభం లేదు. 4 − (−1) అని కొందరు రాశారు. ఇద్దరు ముగ్గురు "తీసేస్తే తగ్గాల్సిందే, అట్టాంటిది ఉండదు" అని రాశారు. వాళ్లలో చీటీ సరిగ్గా రాసి −4, 4 తెచ్చుకున్నవాడు ఒకడున్నాడు. జత ప్రశ్న కూడా అన్నీ పట్టదన్నమాట. సూత్రాన్ని తప్పు లేకుండా వాడేవాడికి అర్థమైందో లేదో దాంతో తేలదు.

సాయంత్రం స్టాఫ్ రూమ్‌లో ఏది పెద్దది ఏది చిన్నది అన్న ప్రశ్నల గురించి కొంచెం మాట్లాడుకున్నాం. నేను బోరు బావులతో అడుగుతాను, మా వైపు పిల్లలకి అడుగుల లెక్క బాగా తెలుసు. కానీ "−300, −120లలో ఏది పెద్దది" అంటే మూడొందల అడుగుల బోరే పెద్దదంటారు. వాళ్ల దృష్టిలో అది తప్పేం కాదు, అక్కడ లోతే పెద్దరికం. "ఏ బోరులో నీళ్లు పైన ఉన్నాయి" అంటే టక్కున −120 అంటారు. రెండూ అడిగి, జవాబులు ఎందుకు వేరయ్యాయని వాళ్లనే అడగాలి.

రేపు గుణకారం. మాస్టారు చీటీకి ప్రశ్నలు రాసి చూపించారు: −2 − 2, (−2) × (−2). జతగా ఇవ్వాలన్న సంగతి పట్టుకున్నారు, మంచిదే. కానీ రెండూ రెండూ కలిపినా నాలుగే, హెచ్చవేసినా నాలుగే. మొదటిదానికి ఎవరైనా 4 రాస్తే, మైనస్‌ని గుణకారం గుర్తు అనుకున్నారో, కలిపి మైనస్ మైనస్ ప్లస్ అన్నారో తేల్చలేం. 3, 5 పెట్టమన్నాను. −3 − 5 కి 8 వస్తే గుణకారం సూత్రం తెచ్చి కూడికకి అతికించారు, 15 వస్తే గుర్తునే తప్పుగా చదివారు, −2 వస్తే ఐదుని మూడులోంచి తీసి ఆగిపోయారు. (−3) × (−5) కి −15 వస్తే అది మళ్లీ ఇంకో కథ. ఆయన పాతవి కొట్టేసి రాసుకున్నారు. జెరాక్స్‌కి పొద్దున్నే పొదిలిలో ఇచ్చి వస్తానన్నారు.