మిర్చి అన్నారు, రికార్డుల్లో బియ్యం కనిపించింది

గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమీషన్ కొట్టులో నేను లెక్కలు చూస్తాను. అమెరికాకు తేజ రకం మిర్చి ఎగుమతి చేస్తున్నామంటూ ఒక కొత్త సంస్థ వారు వచ్చి, 300 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, నెల రోజుల అరువు మీద అడిగారు. వారి మాట నిజమో కాదో చూడమని మా యజమాని నాకు చెప్పారు.

మన దేశంలో ఒక్కో ఎగుమతిదారు సరుకు వివరాలను అనుమతి లేకుండా ప్రచురించడం 2022 నుండి కస్టమ్స్ చట్టం ప్రకారం నేరం కాబట్టి, ఇక్కడి జాబితాల జోలికి నేను పోలేదు. ఓడలో అమెరికా చేరే సరుకుల జాబితా, అంటే మానిఫెస్టు వివరాలను మాత్రం, గోప్యత కోరిన సంస్థలవి తప్ప, ఆ దేశమే బయటపెడుతుంది. వాటిలో ధర ఉండదు. పంపినవారు, అందుకున్నవారు, బస్తాల సంఖ్య, బరువు, సరుకు వర్ణన ఉంటాయి.

ఆ సంస్థ పేరుతో పదకొండు వరుసలు దొరికాయి. మొదట సంతోషించాను గాని, రవాణా ఏజెంటు ఇచ్చే హౌస్ బిల్లు, ఓడ కంపెనీ ఇచ్చే మాస్టర్ బిల్లు రెండూ నమోదు కావడం వల్ల ఒకే కంటైనరు రెండుసార్లు వచ్చిందని కంటైనరు నంబర్లు పోల్చాక తెలిసింది. చివరికి మిగిలినవి ఆరు. వర్ణన గడిలో అన్నింటికీ "FOOD STUFF" అని మాత్రమే ఉంది.

అక్కడ బరువే పనికొచ్చింది. ఒక ఇరవై అడుగుల కంటైనరులో 2,500 బస్తాలు, మొత్తం 23,000 కిలోలు అని ఉంది. ఎండు కాయ తేలిక సరుకు. ఎంత తొక్కినా ఆ పెట్టెలో 23 టన్నులు పట్టదు. పైగా బస్తాకు 9.2 కిలోలు వస్తోంది. మన టిక్కీ నలభై కిలోల పైమాటే కదా! సంచి బరువు తీసేస్తే అది సరిగ్గా 20 పౌండ్లు, అంటే అమెరికాలోని మనవాళ్లు కొనే సోనా మసూరి సంచి. అందుకున్న సంస్థ పేరుతో వెతికితే, అది ఇతరుల నుండి కూడా దిగుమతి చేసుకుంటున్నది బియ్యమే.

అయితే చైనాకో, బంగ్లాదేశ్‌కో వారు మిర్చి పంపుతుంటే ఆ సంగతి అమెరికా రికార్డుల్లో కనిపించదు. అందుకే ఎగుమతికి కస్టమ్స్‌లో దాఖలు చేసే షిప్పింగ్ బిల్లుల నకళ్లు వారినే అడిగాను. చాలాసార్లు గుర్తు చేశాక ఒక్కటి పంపారు. దానిలో సరుకు కోడ్ మిర్చిదే, 0904తో మొదలైంది. కానీ దానిపై ఉన్న ఐఈసీ, అంటే ఎగుమతిదారుకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు, వారి పాన్‌తో సరిపోలలేదు. కొత్త సంస్థలకు ఐఈసీ అంటే ఇప్పుడు పాన్ నంబరే కనుక, అది వేరొకరి బిల్లని తేలిపోయింది.

మా యజమాని ఆ నకలు చూసి, నగదు ఇస్తే సరుకు ఇస్తామని కబురు పంపారు. వారు మళ్లీ రాలేదు.