కట్ అయిపోయింది, మళ్లీ

పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ సగం కూడా కాలేదు, లాప్‌టాప్ టప్‌మని ఆగిపోయింది. మెసేజ్ లేదు, ఏమీ లేదు. ఈ వారంలో మూడోసారి.

మా తమ్ముడు "ఛార్జర్ పోయిందేమో అన్నయ్యా" అన్నాడు. కానీ బ్యాటరీ నిండుగానే ఉంది, అడుగు భాగం మాత్రం అట్లపెనంలా కాలుతోంది.

చల్లారాక, లోపలి వేడి ఎంతో చూపించే HWiNFO అనే సాఫ్ట్‌వేర్ పెట్టి మళ్లీ ఎక్స్‌పోర్ట్ నొక్కాను. ప్రాసెసర్ వేడి పది సెకన్లలోనే 50 నుంచి 88 డిగ్రీలకు ఎగిరింది. అక్కణ్ణుంచి మెల్లగా పాకుతూ ఆరు నిమిషాలకు 100. మళ్లీ కట్.

ఒక్కసారిగా ఎగిరితే వేడి చిప్ నుంచి రాగి గొట్టంలోకి సరిగా దిగట్లేదని, అంటే ఆ రెండిటి మధ్య రాసే థర్మల్ పేస్ట్ మీద అనుమానం. మెల్లగా పాకితే గాలి ఆడట్లేదని. నా ఖర్మకి రెండూ ఉన్నాయి.

వేడి గాలి బయటికొచ్చే వెనక సందు దగ్గర చిన్న టిష్యూ ముక్క పట్టుకున్నా. ఫ్యాన్ గోల పెడుతోంది, ముక్క కదల్లేదు. సరే, ఫ్యాన్ బతికే ఉంది, దారే మూసుకుంది.

విప్పి చూస్తే ఫ్యాన్‌కీ, వేడిని గాలికి వదిలే రేకులకీ మధ్య కంబళి ముక్కలా దుమ్ము. మా బీచ్ రోడ్డు తేమకి గట్టిగా అతుక్కుపోయింది. బయట నుంచి ఎంత ఊదినా అది రాదు. దులిపాక వేడి పాకడం ఆగింది, ఆ 88 మాత్రం అలాగే ఉంది.

పాత పేస్ట్ సుద్దలా రాలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టాను. ఇప్పుడు 76 దగ్గర నిలబడింది.

పెళ్లివాళ్లు మాత్రం ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నారు.